గీత దాటితే గండమే

ఇనుప ఓడ ఎందుకు తేలుతుందో సైన్సు చెబుతుంది. దాన్ని ఎంతవరకు ముంచవచ్చో మాత్రం చట్టమే చెప్పాలి.

విశాఖ ఔటర్ హార్బర్‌లో ఆగిన బొగ్గు ఓడను కింద నుంచి, అంటే నీటి మట్టం నుంచి చూస్తే దాని పరిమాణం బోధపడుతుంది. ఒడ్డు నుంచి చూసినప్పుడు అది దూరంగా నిలిపిన బొమ్మలాగే కనిపిస్తుంది. చిన్న పడవలో దాని పక్కకు చేరినప్పుడు మాత్రం నల్లటి ఇనుప గోడ నిట్టనిలువుగా నెత్తిమీదికి వచ్చినట్లు ఉంటుంది. ఆ గోడ మీద, నీళ్లు తగిలేచోట, నిచ్చెన మెట్లలా తెల్ల రంగుతో అంకెలు రాసి ఉంటాయి. నాతోపాటు పడవలో ఉన్న సర్వేయర్ చూస్తున్నది ఓడను కాదు, ఆ అంకెలనే. అలల మీద పడవ ఊగుతుండగా ఆయన కాసేపు అలాగే చూసి, పుస్తకంలో ఏదో రాసుకుని, "రెండో వైపుకు పోనివ్వు" అని పడవ నడిపేవాడికి చెప్పాడు.

ఆ ఓడ సరుకంతా విశాఖలో దించదు. కొంత ఇక్కడ దించి, మిగతాది తీసుకుని పశ్చిమబెంగాల్‌లోని హల్దియాకు వెళుతుంది. తూర్పు తీరంలో ఇది మామూలే. విదేశాల నుంచి ఉక్కు కర్మాగారాల కోసం వచ్చే బొగ్గు ఓడలు విశాఖలోనో పారాదీప్‌లోనో బరువు తగ్గించుకున్నాకే హుగ్లీ నదిలోకి అడుగు పెడతాయి. ఒక్క రేవులో అయ్యే పనికి రెండు రేవులు ఎందుకు? పొలిటికల్ సైన్స్ చదువుకున్న నాకు ముందు ఇదేదో రాష్ట్రాల మధ్య పంపకాల వ్యవహారం అనిపించింది. కాదు. అసలు సమాధానం ఆ తెల్ల అంకెల్లో ఉంది. అవి అర్థం కావాలంటే ఓడ ఎందుకు తేలుతుందనే బడి పిల్లవాడి ప్రశ్న దగ్గర మొదలుపెట్టాలి.

టన్ను ఇనుముతో ఒక తొట్టె

మేకును నీటిలో వేస్తే మునుగుతుంది. వేల టన్నుల ఉక్కుతో చేసిన ఓడ తేలుతుంది. "ఓడ లోపల గాలి ఉంటుంది కాబట్టి" అని చాలామంది జవాబు చెబుతారు. అది సగం నిజం. గాలి ఓడను పైకి ఎత్తదు. ఎత్తేది నీరే. ఒక లెక్కతో చూద్దాం.

ఒక టన్ను ఉక్కు ముద్దను ఊరి చెరువులో వేశారనుకోండి. ఉక్కు నీటికంటే దాదాపు ఎనిమిది రెట్లు బరువైనది. కాబట్టి ఆ ముద్ద ఆక్రమించే చోటు 127 లీటర్లే. అంటే అది పక్కకు నెట్టే నీటి బరువు 127 కిలోలు. తాను నెట్టేసిన నీటి బరువుకు సమానమైన బలంతోనే నీరు ఏ వస్తువునైనా పైకి నెడుతుంది. ఆర్కిమిడీస్ చెప్పింది ఇదే. వెయ్యి కిలోలు కిందికి లాగుతుంటే 127 కిలోలు పైకి నెడుతున్నాయి. ముద్ద అడుగుకు పోక ఏం చేస్తుంది?

ఇప్పుడు అదే టన్ను ఉక్కును 5 మిల్లీమీటర్ల మందంగల రేకుగా సాగదీద్దాం. సుమారు 25 చదరపు మీటర్ల రేకు వస్తుంది. దానితో మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, 1.37 మీటర్ల ఎత్తు ఉండే మూతలేని తొట్టె చేయించవచ్చు. ఆ తొట్టెను చెరువులో పెడితే ఎంత మునుగుతుంది? టన్ను నీటిని పక్కకు నెట్టేదాకా మునుగుతుంది, అక్కడ ఆగిపోతుంది. అడుగు వైశాల్యం తొమ్మిది చదరపు మీటర్లు కాబట్టి, 11 సెంటీమీటర్లు దిగేసరికి టన్ను నీరు పక్కకు తప్పుకుంటుంది. ఉక్కు ఒక్క గ్రాము కూడా తగ్గలేదు. మారింది ఆకారం మాత్రమే. ముద్దగా ఉన్నప్పుడు 127 కిలోల నీటిని మించి నెట్టలేని ఉక్కు, తొట్టెగా మారాక అంచుదాకా ముంచితే 12 టన్నులకు పైగా నీటిని నెట్టగలదు.

నీరు పైకి నెట్టడం అంటే ఏమిటన్నది కూడా ఇక్కడే కనిపిస్తుంది. నీటిలో లోతుకు వెళ్లేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. తొట్టె పక్క గోడల మీద నీరు నాలుగువైపుల నుంచీ నొక్కుతుంది. ఆ నొక్కుళ్లు ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అడుగు రేకును కింద నుంచి నొక్కే నీటికి మాత్రం ఎదురు నొక్కే నీరు లేదు. తొట్టె లోపల ఉన్నది గాలే కదా. గాలి చేసే ఉపకారం అంతే, నీటికి చోటివ్వకపోవడం. తొట్టెకు చిల్లు పడి లోపలికి నీరు వస్తే ఈ వ్యత్యాసం పోతుంది.

ఇప్పుడు తొట్టెలో 50 కిలోల బియ్యం బస్తాలు వంద వేద్దాం. అయిదు టన్నుల బియ్యం, ఒక టన్ను తొట్టె కలిసి ఆరు టన్నులు. తొట్టె 67 సెంటీమీటర్ల లోతుకు దిగుతుంది. ఆ లోతులో నీరు ప్రతి చదరపు మీటరునూ 670 కిలోల బలంతో పైకి నొక్కుతుంది. తొమ్మిది చదరపు మీటర్లకు ఆరు టన్నులు. లెక్క సరిపోయింది.

నౌకా వ్యాపారంలోని నాలుగు ముఖ్యమైన మాటలూ ఈ తొట్టెలోనే ఉన్నాయి. నీరు పైకి నెట్టే ఆరు టన్నుల బలం ఉత్ప్లవనం. తొట్టె పక్కకు నెట్టిన ఆరు టన్నుల నీరు దాని డిస్‌ప్లేస్‌మెంట్. తేలే వస్తువుకు ఈ రెండూ దాని మొత్తం బరువుతో సమానం. నీటిలో మునిగిన 67 సెంటీమీటర్లు డ్రాఫ్ట్. నీటి మీద మిగిలిన 70 సెంటీమీటర్లు ఫ్రీబోర్డ్.

మరో 120 బస్తాలు వేస్తే ఏమవుతుంది? మొత్తం 12 టన్నులు. తొట్టె 133 సెంటీమీటర్లు మునుగుతుంది. అంచుకూ నీటికీ మధ్య నాలుగు సెంటీమీటర్లే మిగులుతాయి. ఆర్కిమిడీస్ దీన్నీ తప్పుపట్టడు. తొట్టె తేలుతూనే ఉంటుంది. కాకపోతే పక్కన ఎవరైనా ఈత కొట్టినా చాలు, లేచిన అల అంచు దాటి లోపలికి వస్తుంది. వచ్చిన నీటి బరువుతో తొట్టె ఇంకాస్త దిగుతుంది, ఈసారి మరింత నీరు వస్తుంది. నిమిషంలో కథ ముగుస్తుంది. తేలడానికీ క్షేమంగా తేలడానికీ మధ్య ఉన్న తేడాయే ఫ్రీబోర్డ్.

సెంటీమీటరుకు 65 టన్నులు

ఇక ఆ తెల్ల అంకెల సంగతి. ఓడ ముందు భాగంలోనూ, నడుమనూ, వెనకనూ, రెండు వైపులా ఈ డ్రాఫ్ట్ గుర్తులు ఉంటాయి. మీటర్ల లెక్కలో రాసిన ఒక్కో అంకె ఎత్తు సరిగ్గా పది సెంటీమీటర్లు. ఒక అంకె అడుగు నుంచి పై అంకె అడుగుకు 20 సెంటీమీటర్లు. నీరు అంకె అడుగును తాకుతుంటే ఆ అంకె చెప్పినంత లోతు, అంకె నెత్తిని తాకుతుంటే మరో పది సెంటీమీటర్లు. సర్వేయర్ ఆరు చోట్లా చూసి రాసుకునేది ఇదే.

ఎందుకు రాసుకుంటాడు? ఓడే ఒక పెద్ద త్రాసు కాబట్టి. బొగ్గు, ఇనుప ఖనిజం లాంటి సరుకును ఓడ నుంచి దించేటప్పుడు ఎంత దిగిందో తేల్చడానికి లోకమంతటా వాడే పద్ధతి డ్రాఫ్ట్ సర్వే. సరుకు దించక ముందు ఓడ ఎంత లోతులో ఉంది, దించాక ఎంత పైకి లేచింది అని చూస్తారు. ప్రతి లోతుకూ డిస్‌ప్లేస్‌మెంట్ ఎంతో చెప్పే పట్టిక ఓడ కట్టినప్పుడే తయారవుతుంది. రెండు అంకెల తేడాలోంచి ఈ మధ్యలో ఎక్కిన లేదా దిగిన ఇంధనం, మంచినీరు, బ్యాలస్ట్ నీరు తీసేస్తే మిగిలేది సరుకు బరువు.

ఒక ఓడ తీసుకుని లెక్క వేద్దాం. పాత పనామా కాలువలో పట్టేలా కట్టిన, పానమాక్స్ అని పిలిచే తరహా ఓడలు మన బొగ్గు వ్యాపారంలో ఎక్కువగా కనిపిస్తాయి. పొడవు సుమారు 225 మీటర్లు, వెడల్పు 32 మీటర్ల పైచిలుకు, అడుగు నుంచి డెక్‌కు 19.5 మీటర్లు, నిండుగా ఉన్నప్పుడు డ్రాఫ్ట్ 14 మీటర్లు అనుకుందాం. అప్పుడు అది పక్కకు నెట్టే సముద్రపు నీరు సుమారు 86,400 టన్నులు. ఇందులో ఓడ సొంత బరువు 11,400 టన్నులు పోను మిగిలిన 75,000 టన్నులను డెడ్‌వెయిట్ అంటారు. సరుకు, ఇంధనం, నీరు, సిబ్బంది, సామాను అన్నీ అందులోకే వస్తాయి. ఇంధనం వగైరాలకు మూడు వేల టన్నులు తీసేస్తే సరుకుకు మిగిలేది 72,000 టన్నులు.

ఈ ఓడ నీటి మట్టం దగ్గర పరుచుకునే వైశాల్యాన్ని బట్టి చూస్తే, ఒక్క సెంటీమీటర్ లోతుకు దించాలంటే సుమారు 65 టన్నులు ఎక్కించాలి. ఒక సెంటీమీటర్‌కు అన్ని టన్నులు! అందుకే చిన్న పడవలో ఊగుతూ అలల మధ్య సగటు మట్టాన్ని కంటితో పట్టే ఆ సర్వేయర్ పని అంత తేలిక కాదు. అంకెను రెండు సెంటీమీటర్లు తప్పు చదివితే 130 టన్నుల బొగ్గు కాగితం మీద మాయమవుతుంది, లేదా పుట్టుకొస్తుంది. అందుకే రెండు వైపులా చదువుతారు, ఓడ నడుము కిందికి జారిందా పైకి వంగిందా అని కూడా చూస్తారు. వేల టన్నుల బరువును మధ్యలో వేసినప్పుడు ఇంత పొడవైన ఉక్కు ఓడ కాస్త వంగుతుంది మరి. ఎంత జాగ్రత్తగా చేసినా ఈ సర్వేలో అర శాతం దాకా తేడా రావడాన్ని వ్యాపారంలో సహజంగానే తీసుకుంటారు. 72,000 టన్నుల్లో అర శాతమంటే 360 టన్నులు.

హుగ్లీ ముఖద్వారంలో

ఇప్పుడు హల్దియా చిక్కు తేలిగ్గా విడిపోతుంది. విశాఖ ఔటర్ హార్బర్ లోతైనది. 14 మీటర్ల ఓడకు అక్కడ అడ్డం లేదు. హల్దియా నది రేవు. కోల్‌కతా దాకా పెద్ద ఓడలు వెళ్లలేని పరిస్థితి వచ్చాక, సముద్రానికి దగ్గరగా 1977లో దాన్ని ప్రారంభించారు. ఒండ్రును సముద్రంలోకి కడిగేయడానికని అంతకు రెండేళ్ల ముందు, 1975లో, ఫరక్కా బ్యారేజీ నుంచి హుగ్లీలోకి గంగ నీటిని మళ్లించడం మొదలైంది. అయినా నది తెచ్చే మట్టి ఆగలేదు. ఇసుక దిబ్బల మధ్య కాలువను నిత్యం తవ్వుతూనే ఉన్నా, హల్దియాకు వెళ్లే ఓడకు దొరికే డ్రాఫ్ట్ ఎనిమిది మీటర్ల చుట్టుపక్కలే తిరుగుతుంటుంది. అది కూడా ఆటుపోట్లను బట్టి రోజురోజుకూ మారుతుంది. పోటు వచ్చేదాకా ఓడలు సముద్రంలో కాచుకుని ఉండాల్సిందే.

మన ఓడ 14 మీటర్ల నుంచి ఎనిమిదికి లేవాలి. అంటే 600 సెంటీమీటర్లు. సెంటీమీటర్‌కు 65 టన్నుల చొప్పున 39,000 టన్నులు దించాలి. వచ్చిన 72,000 టన్నుల్లో సగానికి పైనే విశాఖలో దిగిపోవాలి. మిగిలిన 33,000 టన్నులతో హల్దియా వెళ్లే ఓడ, 19.5 మీటర్ల గోడలో పదకొండున్నర మీటర్లు నీటిపైకి తేల్చుకుని, సగం ఖాళీగా, తన శక్తికి చాలా తక్కువ పనిచేస్తూ ప్రయాణిస్తుంది. ఓడ అద్దె మాత్రం తగ్గదు. రెండు రేవుల ఖర్చు, రోజుల ఆలస్యం చివరికి బొగ్గు ధరలోనే కలుస్తాయి.

లెక్క ఇక్కడితో అయిపోలేదు. విశాఖలో ఎనిమిది మీటర్లు చూపిన ఓడ హుగ్లీలో ఎనిమిదే చూపదు. సముద్రపు నీరు ఉప్పువల్ల బరువెక్కువ. ఘనపు మీటరుకు 1,025 కిలోలు. నది నీరైతే 1,000 కిలోలే. ఓడ బరువు మారలేదు, కానీ నీరు తేలికైంది. అదే బరువు నీటిని నెట్టాలంటే రెండున్నర శాతం ఎక్కువ చోటు ఆక్రమించాలి. అంటే ఇంకాస్త మునగాలి. మన ఓడ ఈ దశలో 47,400 టన్నులు. అందులో రెండున్నర శాతం సుమారు 1,185 టన్నులు. దాన్ని 65తో భాగిస్తే 18 సెంటీమీటర్లు. పూర్తిగా మంచినీరైతే ఇంత దిగుతుంది. హల్దియా దగ్గర నీరు ఉప్పూ చప్పనా కలిసినది. ఏ పాళ్లలో కలిసిందన్నది కాలాన్ని బట్టి మారుతుంది. వర్షాకాలంలో వరద దిగుతున్నప్పుడు నది పాలు ఎక్కువ. సరిగ్గా సగం సగం అయితే తొమ్మిది సెంటీమీటర్లు. అడుగున ఇసుక దిబ్బ కాచుకుని ఉన్నప్పుడు తొమ్మిది సెంటీమీటర్లు చిన్న విషయం కాదు.

అందుకే సర్వేయర్ దగ్గర అంకెలు రాసుకునే పుస్తకంతోపాటు తాడు కట్టిన చిన్న బకెట్, పాల చిక్కదనం చూసే గాజు గొట్టం లాంటి హైడ్రోమీటర్ ఉంటాయి. ఓడ పక్కనున్న నీటిని తోడి దాని సాంద్రత చూడకుండా డ్రాఫ్ట్ అంకెకు అర్థం లేదు. దీనికితోడు లోతు తక్కువ ఉన్న కాలువలో ఓడ వేగంగా నడిస్తే దాని కింది నీటి ఒత్తిడి తగ్గి ఓడ మరికాస్త కుంగుతుంది. అందుకే పైలట్ అలాంటి చోట వేగం తగ్గిస్తాడు. ఆపైన అడుగుకూ ఇసుకకూ మధ్య కొంత ఖాళీ ఎప్పుడూ వదిలే ఉంచుతారు.

వృత్తంలోంచి పోయే గీత

డ్రాఫ్ట్ హద్దును నది అడుగు నిర్ణయిస్తుంది. హద్దు మీరితే ఓడ ఇసుకలో కూరుకుపోతుంది కాబట్టి యజమానికి ఎవరూ చెప్పక్కర్లేదు. లోతైన సముద్రంలో ఆ భయం లేదు. అక్కడ ప్రతి అదనపు సెంటీమీటర్ 65 టన్నుల కిరాయి. పోయేది ఫ్రీబోర్డ్ మాత్రమే. సముద్రం ప్రశాంతంగా ఉన్నంతకాలం దాని విలువ ఎవరికీ కనిపించదు. లాభం యజమానిది, ప్రాణాలు సిబ్బందివి. బీమా ఉంటే ఓడ పోయినా యజమానికి నష్టం లేదు. 19వ శతాబ్దపు బ్రిటన్‌లో జరిగింది ఇదే. అతిగా నింపిన పాత ఓడలను అక్కడ శవపేటిక ఓడలని పిలిచేవారు.

డెర్బీ నుంచి పార్లమెంటుకు ఎన్నికైన శామ్యూల్ ప్లిమ్‌సాల్ నావికుడూ కాదు, ఓడల యజమానీ కాదు. బొగ్గు వ్యాపారి. ఓడ పక్కన అందరికీ కనిపించేలా ఒక గీత ఉండాలని, ఆ గీత మునిగేలా సరుకు నింపకూడదని ఆయన పట్టుబట్టాడు. 1875లో ప్రభుత్వం నౌకల బిల్లును వదిలేయబోతే సభలోనే ఊగిపోయాడు. జనం ఆయన వైపు నిలిచారు. 1876లో చట్టం వచ్చింది. కానీ గీత ఎక్కడ గీయాలో చెప్పే అధికారం యజమానికే వదిలేశారు. ఒక కెప్టెన్ దాన్ని ఓడ పొగగొట్టం మీద గీయించాడని నేటికీ చెప్పుకుంటారు. గీత స్థానాన్ని చట్టమే నిర్ణయించడానికి 1890 దాకా ఆగాల్సివచ్చింది. 1930లో అది అంతర్జాతీయ ఒప్పందమైంది. 1966లో చేసుకున్న ఒప్పందమే సవరణలతో ఇప్పటికీ ప్రపంచ నౌకలను నడిపిస్తోంది.

ఓడ నడుమన, రెండు పక్కలా, ఒక వృత్తం, దాని మధ్యలోంచి పోయే అడ్డగీత కనిపిస్తే అదే ఆ గుర్తు. పక్కనే చిన్న చిన్న గీతలు మెట్లలా ఉంటాయి. వేసవి సముద్రాలకు ఒకటి, చలికాలపు సముద్రాలకు దానికంటే కింద మరొకటి, ఉష్ణమండలానికి కాస్త పైన ఇంకొకటి, మంచినీటికి వేరే. ప్రపంచ పటాన్ని మండలాలుగా విభజించి, ఎక్కడ ఏ రోజుల్లో ఏ గీతదాకా ముంచవచ్చో ఒప్పందంలో రాశారు. మన బంగాళాఖాతం విషయమే చూడండి. డిసెంబర్ 1 నుంచి ఏప్రిల్ 30 దాకా దాన్ని ఉష్ణమండలంగా లెక్కిస్తారు. మే 1 నుంచి నవంబర్ 30 దాకా వేసవి గీతే హద్దు. రుతుపవనాలూ తుపాన్లూ ఎక్కువగా వచ్చే ఏడు నెలలూ ఇందులో పడతాయి. ఉష్ణమండల గీత, వేసవి గీతకు డ్రాఫ్ట్‌లో 48వ వంతు పైన ఉంటుంది. మన ఓడకు అది 29 సెంటీమీటర్లు, అంటే సుమారు 1,900 టన్నుల సరుకు. ఏప్రిల్ 30న తీసుకెళ్లగలిగిన ఆ 1,900 టన్నులను మే 1న ఇదే సముద్రం మీద తీసుకెళ్లకూడదు. నీరు మారలేదు. రాబోయే గాలి గురించి అందరూ కలిసి చేసుకున్న ఒప్పందం అది.

గోడ ఉంటే చాలదు

మన ఓడకు నిండుగా ఉన్నప్పుడు కూడా అయిదున్నర మీటర్ల ఫ్రీబోర్డ్ ఉంటుంది. ఆ పై భాగమంతా నీరు చొరబడకుండా మూసి ఉండాలి. అప్పుడే అది పొదుపు ఖాతాలా పనిచేస్తుంది. అల వచ్చి ముక్కు మునిగినప్పుడు, ఆ భాగం కొత్తగా నీటిని నెట్టి ఓడను తిరిగి పైకి లేపుతుంది. మూత ఊడిపోతే ఆ ఖాతాలో ఏమీ లేనట్లే.

1980 సెప్టెంబర్‌లో 1,57,000 టన్నుల ఇనుప ఖనిజంతో జపాన్‌కు వెళుతున్న బ్రిటిష్ ఓడ డెర్బీషైర్ తుపానులో చిక్కి, ఆపద సంకేతం కూడా పంపకుండా మునిగిపోయింది. 44 మంది చనిపోయారు. అది గీత దాటి నింపిన ఓడ కాదు. 1994లో శకలాలు దొరికాక, వాటి ఫొటోలను పరిశీలించి 2000లో ముగిసిన విచారణ చెప్పిన కారణం ఇది. ముందు భాగంలోని చిన్న గాలి గొట్టాలు అలల దెబ్బకు విరిగి, వాటి గుండా నీరు గంటల తరబడి లోపలికి దిగింది. ముక్కు కొద్దికొద్దిగా కుంగింది. ఇక అక్కడ ఫ్రీబోర్డ్ తగ్గింది కాబట్టి పెద్ద అలలు నేరుగా మొదటి గోదాము మూత మీద పడ్డాయి. మూత కూలింది. ఇనుప ఖనిజం చాలా బరువైనది కావడంతో గోదాములో కొద్ది భాగమే నిండుతుంది, మిగతాదంతా ఖాళీయే. ఆ ఖాళీని సముద్రం నింపింది. ఓడ ఇంకా కుంగి రెండో మూత, తర్వాత మూడోది. మన తొట్టె అంచు మీంచి అల దూకినప్పుడు జరిగిందే ఇక్కడా జరిగింది. ఈ ప్రమాదం తర్వాతే ముందు భాగపు మూతలూ గొట్టాల బలం గురించి నిబంధనలు కఠినమయ్యాయి.

ఇక మన నదుల మీద, పొరుగు దేశాల నదుల మీద తిరిగే లాంచీల సంగతి. 2014 ఆగస్టు 4న బంగ్లాదేశ్‌లో పద్మా నది మీద పినాక్-6 అనే లాంచీ, అనుమతించినదానికి రెట్టింపు కంటే ఎక్కువమందితో వస్తూ తిరగబడింది. ఇలాంటి వార్తల్లో "బరువు తట్టుకోలేక" అని రాస్తాం. నిజానికి చాలాసార్లు బరువు ఒక్కటే కారణం కాదు. 15 మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న లాంచీ ఒకటి ఊహించండి. అంచుకూ నీటికీ మధ్య 40 సెంటీమీటర్లు ఉన్నప్పుడు, అది 11 డిగ్రీలు పక్కకు ఒరిగేదాకా అంచు నీటిని తాకదు. మరో వందమంది ఎక్కారు, ఆరు టన్నులు. లాంచీ 14 సెంటీమీటర్లే దిగుతుంది. ఇంకా 26 ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఇప్పుడు ఏడు డిగ్రీలు ఒరిగితే చాలు, అంచు మునుగుతుంది. పైగా ఆ వందమందిలో చాలామంది పై అంతస్తులో నిలబడి ఉంటారు. బరువు పైకి చేరేకొద్దీ పడవ తేలిగ్గా ఒరుగుతుంది, ఆలస్యంగా లేస్తుంది. ఒడ్డు కనబడగానే అందరూ ఒక్క వైపుకు వస్తే ఆ ఏడు డిగ్రీలు ఎంతసేపు? తేలుతున్న పడవ తేలుతూనే తిరగబడుతుంది.

లాంచీ ఎక్కేముందు ప్రయాణికుడు చూడగలిగింది ఒకటి ఉంది. పక్కన గీత ఉంటే అది నీటిపైన కనిపిస్తోందా లేదా చూడాలి. గీతే లేకపోతే, జనం ఎక్కుతున్నప్పుడు పడవ ఎలా ఊగుతోందో గమనించాలి. ఒక మనిషి అడుగు వేస్తే చప్పున ఒరిగి వెంటనే లేచే పడవ ఫర్వాలేదు. నెమ్మదిగా ఒరిగి, అలాగే కాసేపు ఉండి, బద్ధకంగా లేచేదాన్ని ఎక్కకుండా తర్వాతి పడవ కోసం ఆగడం మంచిది.

విశాఖలో మా సర్వేయర్ రెండో వైపు అంకెలు కూడా చదివాడు. పై నుంచి క్రేన్ గుప్పిళ్లకొద్దీ బొగ్గు తోడుతోంది. ఒక్కో గుప్పిటకు ఓడ ఎంత లేస్తుందో కంటికి తెలియదు. కానీ పొద్దున నీటిలో ఉన్న అంకె సాయంత్రానికి బయటపడింది. ఎనిమిది మీటర్ల అంకె కనిపించడానికి ఇంకా చాలా బొగ్గు దిగాలి. అది కనిపించాకే హల్దియా ప్రయాణం.